రద్దు ఉత్తరం ముందు వేసినా ఎందుకు చెల్లలేదు: ఆఫర్, అంగీకారం, పోస్టు, ఫోన్

ప్రశ్న: మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు. పాత సార్టెక్స్ మిషన్ 6,50,000కు అమ్ముతాను, 15 రోజుల్లో జవాబు రాయండి అని రాయచూరులో ఒక మిల్లు ఆయనకు 3వ తేదీన స్పీడ్ పోస్టు చేశాను. అది 6న అందింది. 7న ఇక్కడే ఒకాయన 7,25,000 ఇస్తానన్నాడు. దాంతో అమ్మడం లేదని అదే రోజు సాయంత్రం రాయచూరుకు ఇంకో స్పీడ్ పోస్టు వేశాను. అది 10న చేరింది. 9న మిషన్ ఇక్కడి ఆయనకు ఇచ్చేశాను. ఇప్పుడు 11న రాయచూరు నుంచి ఉత్తరం వచ్చింది, ఒప్పుకుంటున్నానని. దాన్ని ఆయన 8న పోస్టు చేశాడట. నేను 7నే రద్దు చేశాను కదా? ఇంకా కట్టుబడి ఉండాలా? ఇదే ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో జరిగి ఉంటే లెక్క మారేదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మీరు చెప్పిన తేదీలు నిజమైతే, ఆయన ఉత్తరం నిజంగా 8న పోస్టయి ఉంటే, మీరు కట్టుబడినట్టే. 8న ఆ కవరు రాయచూరు పోస్టాఫీసు కౌంటర్ దాటిన నిమిషంలోనే మీ మీద కాంట్రాక్టు పడింది. మీ రద్దు ఉత్తరం ముందు రోజే బయల్దేరినా అది ఆయనకు చేరింది 10న. రద్దు విషయంలో చట్టం చూసేది మీరు ఎప్పుడు పంపారన్నది కాదు, ఆయనకు ఎప్పుడు తెలిసిందన్నది. అయితే ఆయన ఉత్తరంలో ఏం రాశాడన్నది బట్టి మీరు బయటపడే దారి ఒకటి ఉండొచ్చు. అది కింద చెబుతాను. ముందు ఈ లెక్క ఎలా వచ్చిందో అర్థమైతే మిగతాదంతా తేలిక.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 4, సెక్షన్ 5 పక్కపక్కన పెట్టుకుని చదవాలి. సెక్షన్ 4 చెప్పేది ఏ కబురు ఎప్పుడు చేరినట్టు లెక్క అన్నది. ఆఫర్ అయితే అవతలి వ్యక్తికి తెలిసినప్పుడు చేరినట్టు. అంటే మీ ఆఫర్ 6న చేరింది. అంగీకారం దగ్గరికి వచ్చేసరికి చట్టం ఇద్దరికీ ఒకే తేదీ పెట్టలేదు. ఆఫర్ ఇచ్చిన మనిషి మీద అది ఎప్పుడు పడుతుందంటే, ఒప్పుకున్న వ్యక్తి దాన్ని తన చేతిలోంచి జారవిడిచి, ఇక వెనక్కి తీసుకునే వీలు లేకుండా దారిలో పెట్టినప్పుడు. ఒప్పుకున్న వ్యక్తి మీద మాత్రం, ఆ కబురు ఆఫర్ ఇచ్చినవారి చెవిన పడ్డప్పుడే. ఒకే ఉత్తరం, రెండు తేదీలు. మీ మీద పడింది 8న. ఆయన మీద పడింది 11న, మీరు చదివాక.

రద్దుకూ ఇలాగే రెండు తేదీలున్నాయి. రద్దు చేసినవారికి అది పంపిన రోజునే పూర్తయినట్టు, అందుకునేవారికి తెలిసిన రోజున. సెక్షన్ 5 ఏం చెబుతుందంటే, ఆఫర్‌ను వెనక్కి తీసుకోవచ్చు గానీ, అంగీకారం మీ మీద పడేలోపే ఆ పని జరగాలి. మీ రద్దు సంగతి రాయచూరు ఆయనకు 10వ తేదీ దాకా తెలియదు. అప్పటికే 8వ తేదీ దాటిపోయింది.

ఇలాంటి తగాదా 1880లో ఇంగ్లండు కోర్టులో నడిచింది. బైర్న్ వర్సెస్ వాన్ టీన్‌హోవెన్ అంటారు. కార్డిఫ్ వ్యాపారి అక్టోబర్ 1న న్యూయార్క్‌కు తగరపు రేకుల అమ్మకానికి ఆఫర్ పంపాడు. 8న మనసు మార్చుకుని రద్దు ఉత్తరం వేశాడు. ఆఫర్ 11న న్యూయార్క్ చేరింది, వాళ్లు ఆ రోజే టెలిగ్రాంలో ఒప్పుకున్నారు. రద్దు ఉత్తరం 20న చేరింది. మీలాగే ఆయనా ముందే రద్దు చేశానన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. అవతలివాడికి తెలియని రద్దు రద్దు కాదంది. మీ కథకూ దానికీ తేడా సముద్రం ఒక్కటే.

ఇదంతా మీకు అన్యాయంగా అనిపిస్తోందని అర్థమవుతోంది. ఉత్తరం మీ చేతికి రాకముందే మీరెలా కట్టుబడతారు? ఈ నియమం ఎక్కడ పుట్టిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 1817 సెప్టెంబర్ 2న ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో ఉన్ని వ్యాపారులు బ్రోమ్స్‌గ్రోవ్‌లోని నేత మిల్లువాళ్లకు ఉన్ని అమ్ముతామని, తిరుగు టపాలో జవాబు ఇవ్వమని రాశారు. కవరు మీద జిల్లా పేరు తప్పు రాయడంతో అది తిరిగి తిరిగి 5వ తేదీ సాయంత్రం చేరింది. మిల్లువాళ్లు ఆ సాయంత్రమే ఒప్పుకుంటూ జవాబు వేశారు. అది 9న చేరింది. ఈలోగా, అంటే 8న, జవాబు రాలేదని ఉన్ని వేరేవాళ్లకు అమ్మేశారు. 1818లో ఆడమ్స్ వర్సెస్ లిండ్సెల్ తీర్పులో కోర్టు మిల్లువాళ్ల పక్షాన నిలిచింది. జవాబు అందితేనే కాంట్రాక్టు అంటే, అందిందని మళ్లీ వీళ్లు రాయాలి, అది అందిందని వాళ్లు రాయాలి, ఎక్కడా అంతుండదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఆ గీతను పోస్టు చేసిన క్షణం దగ్గర గీశారు.

నాకు ఈ వాదనలో నచ్చేది, ఆలస్యం వల్ల వచ్చే నష్టాన్ని ఎవరి నెత్తిన పెట్టాలన్నది ఆలోచించడం. పోస్టులో బేరం మొదలుపెట్టింది మీరు. ఫోన్ చేసి ఉండొచ్చు, మనిషిని పంపి ఉండొచ్చు. పోస్టునే ఎంచుకున్నారు కాబట్టి పోస్టు చేసే ఆలస్యాన్నీ మీరే భరించాలి. మీకు ఇష్టం లేకపోతే దాన్నుంచి తప్పించుకునే దారి కూడా మీ చేతిలోనే ఉంది. ఆఫర్ ఉత్తరంలో "మీ అంగీకారం రాతపూర్వకంగా నా చేతికి అందిన తర్వాతే ఒప్పందం కుదిరినట్టు" అని ఒక్క వాక్యం రాస్తే పోస్టు నియమం పక్కకు తప్పుకుంటుంది. మీ ఉత్తరంలో అలాంటి మాట లేదు. పైగా "జవాబు రాయండి" అన్నారు. పోస్టులో రాయమన్నట్టే కదా.

ఇక్కడ మన చట్టానికీ ఇంగ్లండు పద్ధతికీ తేడా ఉంది. ఇంగ్లండులో పోస్టు చేస్తే ఇద్దరూ ఒకేసారి కట్టుబడతారు. మన దగ్గర అలా కాదు. 8 నుంచి 11 దాకా మీరు కట్టుబడి ఉన్నారు, రాయచూరు ఆయన లేరు. 10న ఆయన మీకు ఫోన్ చేసి "నా ఉత్తరం వస్తుంది, దాన్ని పట్టించుకోకండి, వద్దనుకుంటున్నాను" అని ఉంటే ఆ ఉత్తరం చచ్చిపోయేది. చట్టంలోనే దీనికి ఉదాహరణ ఇచ్చారు: ఒకతను ఉత్తరంలో ఇల్లు కొంటానని ఒప్పుకుని, ఆ తర్వాత టెలిగ్రాంలో వద్దంటాడు. ఉత్తరం కన్నా టెలిగ్రాం ముందు చేరితే అతను బయటపడతాడు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది, ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తుంది. ఒకవేళ ఆ ఉత్తరం దారిలో పోయి మీకు ఎప్పటికీ అందకపోతే? చట్టం మాటల ప్రకారం మీరు కట్టుబడే ఉంటారు, ఆయన కట్టుబడరు. తూకం సమంగా లేదు, నిజమే.

ఇప్పుడు మీకు అసలైన పని చెబుతాను. రాయచూరు ఆయన కవరు పారేయలేదు కదా? అది తీసి పోస్టాఫీసు ముద్ర, స్టిక్కర్ మీది నంబరు చూడండి. రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐ, ఎన్ అని ఉంటుంది. ఇండియా పోస్టు వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే కవరు ఏ తేదీన, ఏ సమయంలో, ఏ పోస్టాఫీసులో బుక్ అయిందో కనిపిస్తుంది. దాన్ని ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ట్రాకింగ్ వివరాలు ఎప్పటికీ వెబ్‌సైట్‌లో ఉండవు. మీ రెండు ఉత్తరాల రసీదులూ తీసి పెట్టుకోండి.

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఉత్తరం మీద రాసిన తేదీకి విలువ లేదు. చాలా ఏళ్ల కిందట నా దగ్గరకు ఒక పార్టీ వచ్చింది. స్థలం కొనడానికి ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం మీద 14వ తేదీ ఉంది. అవతలివాళ్ల రద్దు 15న వీళ్లకు చేరింది. మనదే గెలుపు అనుకున్నాను. రసీదు అడిగితే వెతికి వెతికి తెచ్చారు. దాని మీద 16 ఉంది. ఉత్తరం టైపయి, సంతకమై, ఆఫీసులో బయటికి వెళ్లే కాగితాల ట్రేలో రెండు రోజులు పడి ఉంది. పోస్టుకు తీసుకెళ్లాల్సిన కుర్రాడు సెలవులో ఉన్నాడు. ఆ ట్రేలో ఉన్నంతసేపూ ఉత్తరం వాళ్ల చేతిలోనే ఉన్నట్టు. ఎప్పుడైనా తీసి చించేయొచ్చు కదా. మీ గుమాస్తా చేతికివ్వడం, మీ డ్రైవర్ చేతికివ్వడం పోస్టు చేయడం కిందికి రాదు. రాయచూరు ఆయన ఉత్తరం 8న నిజంగా బుక్ అయిందా, లేక 8 తేదీ వేసి 10 సాయంత్రం మీ రద్దు చూశాక పోస్టు చేశాడా అన్నది ఆ ట్రాకింగ్ తేలుస్తుంది. 10 సాయంత్రం వేసిన ఉత్తరం 11న చేరడం కష్టమే గానీ, ఊహించుకుని వదిలేయకండి, చూడండి. చిరునామా కూడా చూడండి. ఆయన తన పొరపాటుతో తప్పు చిరునామా రాసి ఉంటే, సరైన దారిలో పెట్టినట్టు కాదని వాదించవచ్చు. మీ విషయంలో సరిగ్గానే చేరింది కాబట్టి అది పెద్దగా పనికిరాకపోవచ్చు.

మీరడిగిన రెండో మాటకు వస్తాను. ఇదే బేరం ఫోన్‌లో జరిగి ఉంటే?

7వ తేదీ సాయంత్రం ఉత్తరం వేసే బదులు ఫోన్ చేసి "అమ్మడం లేదు" అని ఉంటే కథ అక్కడే ముగిసేది. ఆయనకు ఆ క్షణంలోనే తెలిసినట్టు. మర్నాడు ఆయన ఎన్ని ఉత్తరాలు వేసినా లాభం ఉండేది కాదు. 15 రోజులు గడువు ఇచ్చారు కదా అని ఆయన అడగవచ్చు. ఊరికే ఇచ్చిన గడువు, అంటే ఆ గడువు కోసం ఆయన అడ్వాన్సో మరొకటో ఇవ్వకపోతే, మిమ్మల్ని కట్టిపడేయదు. గడువులోపైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆయన ఒప్పుకునేలోపే తెలియజేస్తే చాలు. ఆ కబురు మీ నుంచే వెళ్లాలి. మూడో మనిషి ఎవరో మాటల్లో చెప్పాడని ధీమాగా ఉండకండి. మన సెక్షన్ 6 ఆఫర్ ఇచ్చినవారే నోటీసు తెలియజేయాలంటుంది.

అంగీకారం ఫోన్‌లో జరిగితే పోస్టు నియమం పనిచేయదు. దీని మీద మన సుప్రీంకోర్టు తీర్పు భగవాన్‌దాస్ గోవర్ధన్‌దాస్ కేడియా వర్సెస్ గిర్ధారీలాల్ పర్షోత్తమ్‌దాస్. 1965 ఆగస్టులో వచ్చింది. విషయం మీకు దగ్గరగా ఉంటుంది, పత్తిగింజల చెక్క బేరం. అహ్మదాబాద్ వ్యాపారులు, మహారాష్ట్రలోని ఖాంగావ్ జిన్నింగ్, ఆయిల్ మిల్లువాళ్లు 1959 జులై 22న ట్రంకాల్‌లో బేరం మాట్లాడుకున్నారు. సరుకు రాలేదు. అహ్మదాబాద్ వాళ్లు తమ ఊరి సివిల్ కోర్టులో 31,150 రూపాయలకు దావా వేశారు. ఖాంగావ్ వాళ్లు, మేం ఒప్పుకున్నది ఖాంగావ్‌లో కూర్చుని, కాబట్టి కాంట్రాక్టు ఇక్కడే పుట్టింది, మీ కోర్టుకు మమ్మల్ని పిలవడానికి వీల్లేదన్నారు.

ఫోన్‌లో ఖాంగావ్ మనిషి "సరే" అన్నాడు, అహ్మదాబాద్ మనిషి ఆ "సరే" విన్నాడు. కాంట్రాక్టు పుట్టింది అన్న చోటా, విన్న చోటా? ఉత్తరమైతే పోస్టు చేసిన చోట. ఫోన్‌లో మాత్రం విన్న చోట అని జస్టిస్ వాంచూ, జస్టిస్ షా తీర్పిచ్చారు. ఫోన్‌లో మాట్లాడుకోవడం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం లాంటిదే. మాట వినపడకపోతే అప్పుడే తెలిసిపోతుంది, మళ్లీ చెప్పించుకోవచ్చు. పోస్టులో ఆ వీలు లేదు కాబట్టే పోస్టుకు ప్రత్యేక నియమం పెట్టాల్సి వచ్చింది. ఆ కారణం ఫోన్‌కు లేదు.

జస్టిస్ హిదాయతుల్లా ఒప్పుకోలేదు. చట్టంలోని మాటలు చూడండన్నారు. చేతిలోంచి జారిపోయి దారిలో పడితే చాలు అని సెక్షన్ 4లో ఉంది, ఖాంగావ్‌లో నోటి నుంచి మాట రిసీవర్‌లో పడగానే ఇక వెనక్కి రాదు, కాబట్టి కాంట్రాక్టు ఖాంగావ్‌లోనే అన్నది ఆయన వాదన. చట్టం అక్షరాలు పట్టుకుంటే ఆయన మాటలో బలముంది. కానీ ఆ అక్షరాలు రాసింది 1872లో. టెలిఫోన్‌కు పేటెంటు వచ్చింది 1876లో. రాసినవాళ్ల ఊహలో లేని యంత్రానికి ఆ మాటలను యథాతథంగా తగిలించలేమని మెజారిటీ అంది. ఈ విషయంలో మెజారిటీ వైపే నాకు మొగ్గు. పని నడిచే తీరుకు అదే సరిపోతుంది.

దీనికి పదేళ్ల ముందు, 1955లో, ఇంగ్లండులో ఎంటోర్స్ కేసులో డెన్నింగ్ అనే జడ్జి టైపు చేసిన మాటలను తీగల మీద పంపే టెలెక్స్ విషయంలో ఇదే దారి చూపించారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ మీకు పనికొస్తుంది. నదికి అటు గట్టున ఒకరు, ఇటు గట్టున ఒకరు. అటువైపు మనిషి "ఒప్పుకున్నాను" అని అరిచే సమయానికి పైన విమానం వెళ్లింది, ఇటు ఏమీ వినపడలేదు. అప్పుడు కాంట్రాక్టు లేదు. మళ్లీ అరిచి, అది వినపడాలి. ఫోన్ మధ్యలో కట్ అయినా అంతే, "సరే" అన్నవారు మళ్లీ ఫోన్ చేసి చెప్పాలి. అయితే "సరే" సరిగా వినకపోయినా, వినలేదన్న సంగతి చెప్పకుండా ఊరుకుంటే, అవతలి మనిషి విన్నారనే నమ్మకంతో ఉంటే, తర్వాత నేను వినలేదని తప్పించుకోవడం కుదరదు. మీ వైపు సిగ్నల్ బాగోకపోతే నోరు తెరిచి చెప్పండి.

మీ బేరంలో దీని తేడా ఎంతో చూడండి. ఆయన 8న ఉత్తరం బదులు ఫోన్ చేసి ఒప్పుకుని ఉంటే, కాంట్రాక్టు ఏర్పడే చోటు మిర్యాలగూడ. విన్నది మీరు. కాంట్రాక్టు ఎక్కడ పుట్టిందన్న ఆధారంతోనే దావా వేయాలంటే ఆయన ఇక్కడికి రావాల్సి వచ్చేది. కానీ ఆయన రాయచూరులో పోస్టు చేశాడు. కాబట్టి కాంట్రాక్టు రాయచూరులో పుట్టినట్టు, అక్కడ దావా వేసే వీలు ఆయనకు వచ్చింది. మీరు ఉండే చోటు కాబట్టి ఇక్కడి కోర్టులోనూ వేయవచ్చు, కానీ ఎవరైనా తమ ఊళ్లోనే వేస్తారు కదా. వాయిదాకు వాయిదాకు రాయచూరు వెళ్లడం, లాయర్ ఖర్చు, మిల్లు పని ఆగిపోవడం, ఇవన్నీ ఆ ఒక్క పోస్టు ముద్ర మీద ఆధారపడి ఉన్నాయి.

ఈమెయిల్, వాట్సాప్ సంగతి. 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 13 ఈమెయిల్ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు అందింది అన్నది చెబుతుంది. పంపినవారి చేతిలో లేని కంప్యూటర్‌లోకి వెళ్లగానే బయల్దేరినట్టు. అందడం దగ్గర, మీరు ఫలానా ఈమెయిల్‌కే పంపమని చెప్పి ఉంటే ఆ పెట్టెలోకి వచ్చిన క్షణమే అందినట్టు, మీరు తెరిచారా లేదా అన్నది అనవసరం. చెప్పిన పెట్టెకు కాకుండా ఇంకోదానికి పంపితే, మీరు దాన్ని తీసి చూసినప్పుడు. అసలు ఏ పెట్టె చెప్పకపోతే, మీ పెట్టెలోకి వచ్చినప్పుడు. చోటు విషయంలో అందుకున్నవారి వ్యాపార స్థలమే లెక్క. మీరు హైదరాబాద్‌లో బస్సులో ఫోన్ తెరిచి చూసినా అందింది మిర్యాలగూడలోనే. చదవని ఈమెయిల్ నన్నేం చేస్తుందిలే అనుకునే వ్యాపారులకు ఇది తెలియాలి. లెటర్‌హెడ్ మీద ఈమెయిల్ అచ్చువేసి, ఆరు నెలలకోసారి తెరిచే అలవాటు ఉంటే ఆ చిరునామా తీసేయండి.

ఈ సెక్షన్ చెప్పేది కబురు బయల్దేరే, అందే సమయం మాత్రమే. కాంట్రాక్టు ఏ క్షణంలో కుదిరిందన్నది మాత్రం మళ్లీ కాంట్రాక్టు చట్టం నుంచే చూసుకోవాలి. ఈమెయిల్ ఫోన్‌కు దగ్గరగా ఉందని, అందినప్పుడే అంగీకారం పూర్తయినట్టని అనుకుని జాగ్రత్తపడటం మంచిది. ఈమెయిళ్ల మీదే పెద్ద కాంట్రాక్టులు నిలబడతాయన్నదానికి 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసు ఉంది. అయిదు షిప్‌మెంట్ల బాక్సైట్ బేరం ఈమెయిళ్లలో కుదిరింది. తర్వాత వివరంగా రాసుకోవాల్సిన ఒప్పందం సంతకం కాకపోయినా, ఈమెయిళ్లలోనే కాంట్రాక్టు ఏర్పడిందని సుప్రీంకోర్టు చెప్పింది.

వాట్సాప్‌కు విడిగా నియమమేదీ లేదు. దాన్ని ఎలక్ట్రానిక్ కబురుగానే చూస్తారు. ఒక టిక్కు అంటే మీ దగ్గర నుంచి బయల్దేరింది, రెండు టిక్కులు ఆయన ఫోన్‌కు చేరింది, నీలం అయితే తెరిచి చూశాడు. నీలం టిక్కు అంగీకారం కాదు, ఇది బాగా గుర్తుంచుకోండి. చూసి ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు. "రేపు సాయంత్రంలోపు వద్దనకపోతే ఒప్పుకున్నట్టే" అని మీరు రాసినా, ఆయన మౌనం మీ కాంట్రాక్టు కాదు. కానీ పైకెత్తిన బొటనవేలు ఎమోజీ వేరు. కెనడాలో సస్కాచివాన్ రాష్ట్రంలో ఒక రైతుకు ధాన్యం కొనేవాళ్లు అవిసెల కాంట్రాక్టు ఫొటో పంపి, ఖాయం చేయమన్నారు. ఆయన బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. నాకు అందింది అని చెప్పడానికే పంపానన్నాడు. అంతకుముందు కూడా ఆయన ఇలాగే చిన్న మాటలతో ఖాయం చేసిన బేరాలుండటంతో, 2023లో అక్కడి కోర్టు అది సంతకంతో సమానమేనంది. ఆ తీర్పుకు మనం కట్టుబడనక్కర్లేదు, కానీ మన వ్యాపారుల ఫోన్లలో ఎన్ని బొటనవేళ్లుంటాయో చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను.

ఇక మీరు బయటపడటానికి ఉన్న దారి. ఆయన ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. అంగీకారం మీరు ఇచ్చిన షరతులకు అచ్చంగా సరిపోవాలి, సెక్షన్ 7 అదే చెబుతుంది. "6,50,000కు తీసుకుంటాను, రాయచూరు దాకా లారీ మీదే" అని రాశాడా? "నా మెకానిక్ వచ్చి చూశాక" అన్నాడా? "సగం ఇప్పుడు, సగం మూడు నెలల్లో" అన్నాడా? మీరు చెప్పని షరతు ఏదైనా జోడిస్తే అది అంగీకారం కాదు, ఆయన మీకిచ్చిన కొత్త ఆఫర్. మీరు దానికి ఒప్పుకోలేదు కాబట్టి కాంట్రాక్టు లేదు. అలాగే మీ మొదటి ఉత్తరం కాపీ తీయండి. "అమ్ముతాను" అని ఉందా, "6,50,000 వస్తే ఇద్దామనుకుంటున్నాను, ఆసక్తి ఉంటే రాయండి" అని ఉందా? రెండోది ఆఫర్ కాకపోవచ్చు, బేరానికి పిలవడం మాత్రమే. 1893లో హార్వే, ఫేసీ కేసులో కనీస ధర ఎంత అని టెలిగ్రాంలో అడిగితే 900 పౌండ్లని చెప్పారు. ధర చెప్పడం అమ్ముతాననడం కాదని కోర్టు తేల్చింది. మీరు ఇక్కడ రాసిన మాటలు చూస్తే అది ఆఫర్‌లాగే ఉంది, కానీ మీ గుర్తు కాదు, కాగితమే చూడాలి.

రెండు దారులూ మూసుకుపోతే డబ్బు లెక్క. మిషన్ కొన్న స్థానికుడు ఈ రాయచూరు బేరం తెలియకుండా నిజాయితీగా కొన్నాడంటే, సాధారణంగా ఆయన దగ్గర నుంచి దాన్ని లాక్కోవడం కుదరదు. కాబట్టి రాయచూరు ఆయన అడిగేది నష్టపరిహారం. సెక్షన్ 73 ప్రకారం అలాంటి మిషన్‌కు అప్పటి మార్కెట్ ధర ఎంత, మీరు చెప్పిన ధర ఎంత, ఆ తేడా. మీరు 7,25,000కు అమ్మిన రసీదే మార్కెట్ ధరకు సాక్ష్యం అవుతుంది. అంటే 75,000. ఆయన వేరేచోట అలాంటిదే 6,80,000కు కొనుక్కున్నాడంటే 30,000కు దగ్గరగా వస్తుంది. చేతులు ముడుచుకుని కూర్చుని నష్టం పెంచుకున్నా, ఆ పెరిగిన భాగం మీ మీద పడదు. మీరు ఎక్కువ ధరకు అమ్మి సంపాదించింది 75,000 అనుకుంటే, రాయచూరుకు ఏడాదిలో నాలుగు వాయిదాలకు తిరిగితే ఆ సంపాదన ఎక్కడ ఉంటుందో మీరే లెక్కేసుకోండి. ఆయన ఇంకా నోటీసు ఇవ్వలేదు కాబట్టి, ముందు మీరే ఫోన్ చేసి, జరిగింది చెప్పి, 30,000 నుంచి 40,000 దగ్గర సెటిల్ చేసుకోగలిగితే మంచిదని నా అభిప్రాయం. కుదిరాక అది కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకాలు చేసి, ఇకపై ఈ మిషన్ గురించి ఏ క్లెయిమూ లేదని రాయించుకోండి.

ఫోన్ చేసే ముందు మాత్రం ఆ కవరు ట్రాకింగ్ చూడండి. బుకింగ్ 10 సాయంత్రమని వస్తే నాకు చెప్పండి, అప్పుడు మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు.